రాయలవారి ప్రాజెక్టు: ఏది ప్రాథమిక ఆధారం, ఏది ద్వితీయ ఆధారం?

"మా అమ్మాయి ఎనిమిదో తరగతి. సోషల్ ప్రాజెక్టుకి శ్రీకృష్ణదేవరాయల గురించి ఆధారాలు సేకరించి ప్రాథమిక, ద్వితీయ అని రెండు గళ్లలో రాయమన్నారు. పాతవన్నీ ప్రాథమికం, ఇప్పటి పుస్తకాలన్నీ ద్వితీయం అని రాసుకుంది. కానీ విదేశీ యాత్రికుల రాతలు 1900లో అచ్చయిన ఇంగ్లిష్ పుస్తకంలో ఉన్నాయట. దాన్ని ఏ గడిలో వేయాలో తెలియక టెన్షన్ పడుతోంది. సులువుగా ఎలా చెప్పాలి?"

ముందు ఆ పాత, కొత్త లెక్కను పక్కన పెట్టించండి. తికమకంతా అక్కడే మొదలవుతోంది. హైస్కూల్లో సోషల్ చెప్పిన రోజుల్లో ప్రతి బ్యాచ్‌లోనూ పిల్లలు ఇలాగే మొదలుపెట్టేవారు. వాళ్ల చేత నేను ప్రతి ఆధారాన్నీ ఒకే ప్రశ్న అడిగించేవాణ్ణి: "ఈ మాట చెప్పినవాడికి అది ఎలా తెలిసింది?" అక్కడ ఉండి చూశాడు, లేదా ఆ పని చేసింది తనే, అంటే ప్రాథమికం. ఆ సందర్భంలోనే, ఆ పని కోసమే తయారైన శాసనం, నాణెం, ఉత్తరం లాంటివీ ప్రాథమికమే. ఇతరులు చెప్పింది విని, చదివి, పోగుచేసి చెప్పాడు అంటే ద్వితీయం.

వయసు ఎందుకు పనికిరాదో పాపకి దివిసీమ ఉప్పెనతో చెప్పండి. అది వచ్చింది 1977 నవంబర్ 19న. ఆ రాత్రి నీళ్లలో కొట్టుకుపోయి బతికి బయటపడ్డ ఒక ముసలావిడ ఇవాళ మీ పాప ఎదురుగా కూర్చుని చూసింది చూసినట్టు చెప్పిందనుకోండి, దాన్ని పాప ఫోన్‌లో రికార్డు చేసిందనుకోండి. ఆ రికార్డింగ్ వయసు ఒక్క రోజు. అయినా అది ప్రాథమిక ఆధారమే. అదే 1978లో ఎవరో ఢిల్లీలో కూర్చుని, పేపర్ కటింగులు ముందేసుకుని ఉప్పెన మీద పుస్తకం రాశారనుకోండి. అది ఆ రికార్డింగ్ కంటే ఎంతో పాతది, అయినా ద్వితీయమే. ముసలావిడ జ్ఞాపకంలో పొరపాట్లు ఉండొచ్చు, ఆ పుస్తకంలో లెక్కలన్నీ సరిగ్గానే ఉండొచ్చు. ఏది నిజం అన్నది వేరే విషయం, దానికి తర్వాత వస్తాను.

ఇప్పుడు మీరు అడిగిన 1900 నాటి పుస్తకం. అది రాబర్ట్ సూయెల్ రాసిన "ఎ ఫర్గాటెన్ ఎంపైర్" అయి ఉండాలి. సూయెల్ మద్రాసు ప్రభుత్వంలో పనిచేసిన ఇంగ్లిష్ అధికారి. ఆ పుస్తకాన్ని పాప ఒక గడిలో పెట్టలేకపోవడంలో ఆమె తప్పేమీ లేదు. ఒకే అట్టల మధ్య రెండు రకాల సరుకు ఉంది. ముందు భాగంలో సూయెల్ స్వయంగా విజయనగర చరిత్ర చెబుతాడు. శాసనాలు, ముస్లిం చరిత్రకారుల రాతలు, యాత్రికుల కథనాలు చదివి, పోల్చి, తన మాటల్లో రాశాడు. రాయలు చనిపోయి అప్పటికి మూడు వందల డెబ్భై ఏళ్లు. ఇది ద్వితీయం, సందేహం లేదు. వెనక భాగంలో ఇద్దరు పోర్చుగీసువాళ్ల రాతలకు ఇంగ్లిష్ అనువాదం పెట్టాడు. ఒకరు డొమింగో పేస్, ఇంకొకరు ఫెర్నావో న్యూనిజ్. ఆ రాతప్రతులు పారిస్ గ్రంథాలయంలో ఉండేవి. డేవిడ్ లోపెస్ అనే పండితుడు 1897లో లిస్బన్‌లో వాటిని పోర్చుగీసులోనే అచ్చు వేయించాడు. సూయెల్ వాటిని ఇంగ్లిష్‌లోకి తెచ్చాడు. కాబట్టి ప్రాజెక్టులో ఈ పుస్తకాన్ని కనీసం మూడు వరుసలుగా రాయాలి: సూయెల్ చరిత్ర ఒకటి, పేస్ కథనం ఒకటి, న్యూనిజ్ కథనం ఒకటి. పేస్, న్యూనిజ్ పేర్ల పక్కన "సూయెల్ అనువాదంలో చదివాను" అని తప్పకుండా రాయించండి. అనువాదమైనంత మాత్రాన అది ద్వితీయం అయిపోదు. కానీ మధ్యలో ఇంకో చెయ్యి పడిందని చూసేవాళ్లకు తెలియాలి.

ఇక్కడితో ఆగిపోయి ఇద్దరు యాత్రికుల్నీ ప్రాథమికం గడిలో వేసేస్తే మార్కులు వస్తాయి. కానీ అసలు విషయం మొదలయ్యేది ఇక్కడే.

పేస్ సుమారు 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చాడు. అప్పటికి రాయలు సింహాసనం మీద ఉన్నాడు (1509 నుంచి 1529 వరకు పాలించాడు). క్రిష్టోవావో ద ఫిగైరెడో అనే పోర్చుగీసు ప్రముఖుడి వెంట పేస్ కొలువుకి వెళ్లాడు. రాజు తమను చేత్తో తాకేంత దగ్గరగా నిలబడ్డామని, ఎంతసేపు చూసినా ఆయనకు తనివి తీరలేదని రాశాడు. రాజు మధ్యస్థమైన ఎత్తు, మంచి రంగు, సన్నం కాదు కాస్త లావే, ముఖం మీద మశూచి మచ్చలున్నాయి అన్నాడు. ఈ మచ్చల మాటని మన ప్రశ్నతో పరీక్షించండి. అతనికి ఎలా తెలిసింది? చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో నిలబడి చూశాడు. ఇంతకంటే గట్టి ప్రాథమిక ఆధారం ఎక్కడ దొరుకుతుంది? పైగా అతను రాయల ఆస్థాన కవి కాడు. మచ్చలు దాచాల్సిన అవసరం అతనికి లేదు.

అదే పేస్ ఇంకో చోట, రాజు రోజూ తెల్లవారకముందే ముప్పావు పింట్ నువ్వుల నూనె తాగుతాడని, ఒళ్లంతా నూనె పట్టించుకుంటాడని, బరువులెత్తి కత్తి సాము చేసి కుస్తీ పడతాడని రాశాడు. పిల్లలకు బాగా నచ్చే ముక్క ఇది. మళ్లీ అదే ప్రశ్న వేయించండి. తెల్లవారకముందు అంతఃపురంలో రాజు నూనె తాగడం ఒక విదేశీ అతిథి రోజూ చూస్తాడా? ఎవరో చెప్పి ఉంటారు. ఆ చెప్పింది ఎవరో పేస్ రాయలేదు. నిజమై ఉండొచ్చు, నాకైతే నిజమే అనిపిస్తుంది కూడా. కానీ మచ్చలకీ నూనెకీ ఒకే బలం లేదు. ఇంకో చోట రాజు దగ్గర ఎప్పుడూ పది లక్షల సైన్యం ఉంటుందని రాశాడు. పది లక్షల మందిని ఎవరు లెక్కపెట్టారు? పేస్ అయితే కాదు. ఒకే మనిషి, ఒకే రాతప్రతి. మూడు వాక్యాల్లో ఒకటి కంటితో చూసింది, ఒకటి బహుశా విన్నది, ఒకటి ఖాయంగా విన్నది.

అందుకే నేను గడికి పైన శీర్షిక పెట్టేటప్పుడు "ప్రాథమిక ఆధారం" అని ఊరికే రాయనిచ్చేవాణ్ణి కాదు. "దేనికి ప్రాథమిక ఆధారం?" అని పక్కన ఇంకో గడి గీయించేవాణ్ణి. మీ పాప చేత కూడా ఆ గడి గీయించండి. ఆ గడి ఎంత అవసరమో న్యూనిజ్ దగ్గర తెలుస్తుంది.

న్యూనిజ్ గుర్రాల వ్యాపారి అని చరిత్రకారులు అంటారు. అతను విజయనగరంలో ఉండి రాసింది సుమారు 1535 తర్వాత. అప్పటికి రాయలు పోయి ఆరేళ్లు దాటింది. గద్దె మీద ఉన్నది తమ్ముడు అచ్యుతరాయలు. తిమ్మరుసు గురించి మనవాళ్లందరికీ తెలిసిన రెండు కథలూ ఈ న్యూనిజ్ రాతలో ఉన్నాయి. మొదటిది, రాయల అన్న వీరనరసింహుడు చనిపోయే ముందు తన ఎనిమిదేళ్ల కొడుక్కి రాజ్యం దక్కాలని, కృష్ణరాయల కళ్లు పీకించి తెమ్మని తిమ్మరుసుకి చెబితే, తిమ్మరుసు మేక కళ్లు చూపించి రాయల్ని కాపాడాడన్నది. రెండోది, రాయలు తన చిన్న కొడుకుని గద్దెనెక్కించాక ఆ పిల్లవాడు చనిపోతే, తిమ్మరుసు కొడుకు విషం పెట్టించాడని అనుమానించి, తిమ్మరుసుని చెరలో వేయించి కళ్లు తీయించాడన్నది.

ఇప్పుడు ప్రశ్న వేయండి. ఇది న్యూనిజ్‌కి ఎలా తెలిసింది? మేక కళ్ల సంగతి జరిగిందనుకుంటే అది 1509కి అటూ ఇటూ. అతను రాసింది పాతికేళ్ల తర్వాత. పైగా ఆ కథ నడిచేదంతా రాజుకీ మంత్రికీ మధ్య గుట్టుగా. గదిలో మూడో మనిషి లేడు, ఉన్నా ఆ మూడో మనిషి న్యూనిజ్ కాడు. కాబట్టి "తిమ్మరుసు మేక కళ్లు చూపించాడా?" అన్న ప్రశ్నకి న్యూనిజ్ ప్రాథమిక ఆధారం కాడు. విన్నది రాసిన మనిషి. అతని రాత నాలుగున్నర శతాబ్దాలకు పైగా పాతది కదా, రాతప్రతి కదా, విదేశీయుడు కదా అని ప్రాథమికం గడిలో వేయకూడదు.

కానీ ప్రశ్న మార్చి చూడండి. "అచ్యుతరాయల కొలువు ఎలా ఉండేది?" అంటే న్యూనిజ్ ఆ కాలంలో ఆ ఊళ్లో ఉన్నవాడు. అక్కడ అతను కంటితో చూసి రాసింది ప్రాథమికం. "రాయలు పోయిన పదేళ్లలోపు విజయనగరం బజార్లలో తిమ్మరుసు గురించి జనం ఏమనుకునేవారు?" అని అడిగితే కూడా అతనే ప్రాథమిక ఆధారం. ఎందుకంటే ఆ మాటలు అతని చెవిన పడ్డాయి. ఒకే పేజీ ఒక ప్రశ్నకి ఒక గడిలోకి, ఇంకో ప్రశ్నకి ఇంకో గడిలోకి వెళ్తుంది. పిల్లలకి ఇది మొదట చిరాకు తెప్పిస్తుంది. "సార్, ఏదో ఒకటి చెప్పండి" అనేవారు. ఒకటి రెండు ఉదాహరణలు సొంతంగా చేశాక మాత్రం పెద్దవాళ్లకంటే చురుగ్గా పట్టుకుంటారు.

ఇక్కడే ఇంకో చిక్కు. తిమ్మరుసు కళ్ల కథ పది పుస్తకాల్లో చదివాను కాబట్టి పది ఆధారాలు అని పాప రాసే అవకాశం ఉంది. ఆ పది పుస్తకాలూ ఎక్కడినుంచి తెచ్చుకున్నాయో వెనక్కి తవ్వుకుంటూ పోతే ఎక్కువ భాగం న్యూనిజ్ దగ్గరే ఆగుతాయి, లేదా న్యూనిజ్‌ని చదివిన ఇంకో పుస్తకం దగ్గర. అంటే ఉన్నది ఒక్క ఆధారం. మిగతా తొమ్మిదీ దాని నకళ్లు. కథల పుస్తకం, నాటకం, సినిమా అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. అవి ద్వితీయం కూడా కావు, ద్వితీయం మీద కట్టిన కల్పనలు. ప్రాజెక్టులో వాటికి చోటే ఇవ్వకపోవడం మంచిది.

శాసనాలకి వద్దాం. హంపీ విరూపాక్ష ఆలయంలో రాయల పట్టాభిషేక సందర్భానికి సంబంధించిన శాసనం ఉంది. 1509-10 నాటిది, సంస్కృతం, కన్నడంలో ఉంటుంది. పట్టాభిషేక వేళ రాయలు ఆలయానికి రంగమండపం, గోపురం కట్టించాడని, స్వామికి ఒక గ్రామం ఇచ్చాడని చెబుతుంది. ఆ దానం జరిగిందన్నదానికి అది ప్రాథమిక ఆధారం. రాయి చెక్కింది ఆ దానం కోసమే. కానీ అదే శాసనాల మొదట్లో రాజవంశం గురించి, రాజు గొప్పదనం గురించి పద్యాలుంటాయి. ఆయన కీర్తి లోకాలన్నీ నింపిందని, శత్రురాజులు గడగడలాడారని రాస్తారు. రాయించిన వారిని పొగడటం రాసేవాడి పని. ప్రాథమికం అంటే నిజం అని అర్థం కాదు, దగ్గరగా ఉన్నది అని మాత్రమే. దగ్గరగా ఉన్నవాడికి అబద్ధం చెప్పే అవసరం కూడా ఎక్కువే ఉండొచ్చు. దానం, తేదీ, ఊరి పేరు నమ్ముతాం, ఎందుకంటే అవి తప్పయితే ఆ భూమి విషయంలో రేపు గొడవలు వస్తాయి. లోకాలు నిండిన కీర్తిని అలంకారంగా చదువుతాం.

తిరుమలలో కూడా ఇలాంటిదే ఒకటి చూపించవచ్చు. "రాయలు 1513 నుంచి 1521 మధ్య ఏడుసార్లు తిరుమల వెళ్లాడు" అని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. ఈ వాక్యం ద్వితీయం. ఏడు అనే లెక్కని ఏ శాసనమూ నేరుగా ఇవ్వదు. ఆయన వచ్చి కానుకలిచ్చినప్పుడల్లా గుడి గోడల మీద రాయించిన శాసనాలు ఉన్నాయి. అవి ప్రాథమికం. వాటిని ఎవరో చదివి, తేదీలు సరిచూసి, కూడి ఏడు అన్నారు. ఆ శాసనాల పాఠాన్ని తిరుమల తిరుపతి దేవస్థానం పుస్తకాలుగా అచ్చు వేసింది. ఆ సంపుటాల్లో కూడా సూయెల్ పుస్తకంలాగే రెండు రకాలుంటాయి. శాసన పాఠం ప్రాథమికం, సంపాదకుడి ముందుమాట, వివరణ ద్వితీయం. పాప అట్ట మీద పేరు చూసి గడి నింపకుండా లోపల పేజీ చూసి నింపాలి.

బొమ్మల విషయంలో చాలామంది తడబడతారు. తిరుమల గుడిలో రాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడ్డ లోహ విగ్రహాలున్నాయి. వాటి ఫోటో పాప నిన్న నెట్‌లోంచి తీసుకున్నా సరే, ఫోటోలో ఉన్న విగ్రహం ఆ కాలం వస్తువు. దాన్ని ప్రాథమికం కింద అతికించొచ్చు. భువనవిజయంలో రాయల చుట్టూ అష్టదిగ్గజాలు కూర్చున్న రంగుల బొమ్మ మాత్రం ఏ కాలానిదో అడగండి. అది ఇటీవలి చిత్రకారుల ఊహ. పైగా ఎనిమిది మంది ఎవరెవరన్న దాని మీదే పండితులకు ఏకాభిప్రాయం లేదు. తెనాలి రామకృష్ణుడు రాయల తర్వాతి కాలంవాడని చాలామంది అంటారు. ఆ బొమ్మని అట్ట మీద అందం కోసం పెట్టుకోమనండి, ఆధారాల్లో వద్దు. (ప్రాజెక్టు చూసే మాస్టారు తెనాలి రామకృష్ణుడి గురించి వాదనకి దిగితే మీరు వెళ్లకండి. పిల్ల మార్కులు ముఖ్యం.)

పాత పుస్తకాల్లో మోసపోయేది ఎక్కువగా "రాయవాచకము" దగ్గర. అది తెలుగు వచన గ్రంథం. రాయల కొలువులో జరిగిన సంగతుల్ని అక్కడున్న స్థానాపతి, అంటే రాయబారి, తన దొరకి రాసి పంపుతున్నట్టు నడుస్తుంది. మంతనాలు, గూఢచారుల కబుర్లు, దండయాత్రలు అన్నీ పక్కనే నిలబడి చూసినట్టు ఉంటాయి. చదివినవాళ్లెవరైనా ఇదే అసలైన ప్రాథమిక ఆధారం అనుకుంటారు. కానీ ఆ గ్రంథం రాయల కాలంలో పుట్టింది కాదని, సుమారు 1600 ప్రాంతంలో మధుర నాయకుల నీడలో రాసిందని పరిశోధకులు తేల్చారు. ఫిలిప్ వాగనర్ దీన్ని ఇంగ్లిష్‌లోకి అనువదించి 1993లో వివరంగా చర్చించాడు. అంటే రాసినవాడు రాయల్ని చూసే వీలే లేదు. ఉత్తరంలా రాయడం అతను ఎంచుకున్న పద్ధతి. మన ప్రశ్నకి ఈ పుస్తకం తనంతట తాను ఇచ్చే జవాబు "నేను చూశాను" అని. ఆ జవాబు నమ్మే ముందు, రాసిన కాలం ఏదో బయటినుంచి సరిచూడాలి. పాప స్థాయిలో అది ఆమె చేయలేదు, ముందుమాట చదివితే చాలు. రాయల పాలన ఎలా జరిగిందన్నదానికి రాయవాచకము ద్వితీయం. రాయలు పోయిన డెబ్భై ఏళ్లకి మధుర నాయకుల దగ్గర ఆయన్ని ఎలా తలుచుకునేవారన్నదానికి మాత్రం ప్రాథమికం.

"ఆముక్తమాల్యద" గురించి కూడా అడుగుతుంది, రాయలే రాశాడు కదా అని. మొదట్లో ఆయన తన కళింగ దండయాత్ర మధ్యలో శ్రీకాకుళ ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడని చెప్పుకున్నాడు. ఆ శ్రీకాకుళం కృష్ణా జిల్లాలోది, పాప మ్యాప్‌లో ఉత్తరాంధ్ర శ్రీకాకుళం గుర్తుపెట్టకుండా చూడండి. రాయలు తన గురించి ఏం చెప్పుకోదలచుకున్నాడు, రాజధర్మం మీద ఆయన ఆలోచన ఏమిటి అన్నవాటికి అది ప్రాథమికం. కావ్యంలో కథ మాత్రం విల్లిపుత్తూరు గోదాదేవిది, విష్ణుచిత్తుడిది. గోదాదేవి చరిత్రకి దాన్ని ఆధారంగా రాస్తే వరస తప్పినట్టే.

గడులు ఎలా నింపాలో చెబుతాను. నాలుగు నిలువు వరుసలు గీయించండి: ఆధారం, దేనికి ఆధారం, చెప్పినవాడికి ఎలా తెలిసింది, ప్రాథమికమా ద్వితీయమా. చివరిది ఆఖర్న నింపాలి, ముందు నింపితే మిగతావి దానికి తగ్గట్టు సాగదీస్తారు. పేస్‌కి రెండు అడ్డ వరుసలు వస్తాయి. "రాజు ముఖం, ఎత్తు; దగ్గరగా చూశాడు; ప్రాథమికం" అని ఒకటి. "సైన్యం పది లక్షలు, విన్నమాట, ప్రాథమికం కాదు" అని ఇంకొకటి. న్యూనిజ్‌కి కూడా రెండు. పాఠ్యపుస్తకం, సూయెల్ సొంత అధ్యాయాలు ద్వితీయంలో ఒక్కో వరుస. మొత్తం ఎనిమిది, తొమ్మిది వరుసలు దాటనివ్వకండి. పేర్లు పెరిగేకొద్దీ మూడో గడి ఖాళీగా వదిలేస్తారు, మాస్టారు చూసేది ఆ గడినే.

సూయెల్ పుస్తకం కాపీరైట్ దాటిపోయింది, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇంగ్లిష్ కొంచెం పాతది కాబట్టి మీరు పక్కన కూర్చోవాలి. మొత్తం వద్దు. పేస్ కథనంలో రాజుని వర్ణించిన రెండు పేజీలు తీసి, "చూశాను", "చూశాం" అన్న చోట నీలం రంగు, "చెబుతారు", "అంటారు" అన్న చోట ఎరుపు, ఎలా తెలిసిందో ఏమీ చెప్పని చోట పెన్సిల్ గీత పెట్టించండి. పెన్సిల్ గీతలే ఎక్కువ వస్తాయి. వాటిలో ఏవి నీలానికి దగ్గర, ఏవి ఎరుపుకి దగ్గర అని పాపనే వాదించమనండి. ఆ రెండు పేజీల జిరాక్సు ప్రాజెక్టు వెనక జతచేస్తే పేస్‌కి రెండు వరుసలు ఎందుకు వచ్చాయో వేరే వివరణ రాయక్కర్లేదు.